యంత్రం ఐదు, పెట్టుబడి ఐదు: చెల్లుకు చెల్లు కాని ఒక ఫర్మ్ రద్దు

విశాఖ ద్వారకానగర్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆటోనగర్‌లో ఫాబ్రికేషన్ పని చేసే ఒక భాగస్వామ్య సంస్థ మూసివేత కథ. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలను గుండ్రం చేశాను, వాటి మధ్య ఉన్న లెక్క మాత్రం మార్చలేదు. జీఎస్టీ కలపని అంకెలే ఇచ్చాను.

భాగస్తులు ముగ్గురు. సంస్థ మొదలుపెట్టిన పెద్దాయన ఒకరు. ఆయన భార్య తమ్ముడు రెండో భాగస్తుడు, ఇకమీదట బావమరిది అంటాను. తర్వాత వచ్చి చేరిన ఇంజనీరు మూడో ఆయన. లాభనష్టాల్లో వాటాలు 5:3:2. పెద్ద పరిశ్రమలకు పైపు సపోర్టులు, ట్యాంకులు, ప్లాట్‌ఫారాలు చేసి ఇచ్చేవాళ్లు. పెద్దాయనకు ఆరోగ్యం బాగోలేదు, బావమరిదికి వేరే వ్యాపారం మీద మనసు పడింది, ఇంజనీరు సొంతంగా షెడ్డు వేసుకోవాలనుకున్నాడు. గొడవ పడి విడిపోవడం కాదు, ముగ్గురూ ఇష్టపడే రద్దు చేసుకుందామనుకున్నారు. రద్దు తేదీ కూడా రాసుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ తేదీ దాటి మూడు వారాలైంది.

రద్దు తేదీ నాటి ఆస్తి అప్పుల పట్టీ ఇలా ఉంది. నగదు 1 లక్ష, రావలసిన బాకీలు 38 లక్షలు (అందులో 10 లక్షలు రిటెన్షన్, అంటే పని అప్పగించాక కొంతకాలం పార్టీ ఆపి ఉంచే డబ్బు), వాటిలో కొన్ని రాకపోవచ్చని పెట్టిన 2 లక్షల ప్రొవిజన్, స్టాకు 25 లక్షలు, యంత్రాలు 34 లక్షలు, పికప్ వాహనం 7 లక్షలు, షెడ్డు అద్దె డిపాజిట్ 3 లక్షలు. ఇటువైపు బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే సీసీ అప్పు 22 లక్షలు, సరుకు ఇచ్చినవాళ్లకు 18 లక్షలు, పెద్దాయన భార్య ఇచ్చిన అప్పు 4 లక్షలు, బావమరిది ఇచ్చిన అప్పు 6 లక్షలు. పెట్టుబడులు చూస్తే పెద్దాయనది 24 లక్షలు, బావమరిదిది 27 లక్షలు, ఇంజనీరుది 5 లక్షలు.

వాటా ఎక్కువ ఉన్నాయన పెట్టుబడి తక్కువ, మూడో వంతు కూడా లేని ఆయన పెట్టుబడి ఎక్కువ. ఇలాంటివి మన దగ్గర మామూలే. మంచి రోజుల్లో పెద్దాయన ఇంటి ఖర్చులకు, పిల్లల పెళ్లిళ్లకు తీసుకుంటూ వచ్చారు, బావమరిది వదిలేస్తూ వచ్చాడు. సంస్థ నడుస్తున్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టలేదు.

వచ్చేటప్పటికే జరిగిపోయినవి

మొదటి పొరపాటు స్టాకు దగ్గర జరిగింది. మిగిలిన ప్లేట్లు, పైపుల్లో కొంత అమ్మితే 5 లక్షలు వచ్చాయి. ముగ్గురూ కూర్చుని 5:3:2 లెక్కన రెండున్నర, ఒకటిన్నర, ఒక లక్ష పంచేసుకున్నారు. వాటాలు అవే కదా, డబ్బూ అలాగే పంచాలి కదా అన్నది వాళ్ల ఆలోచన.

ఆ స్టాకు బ్యాంకు అప్పుకు తాకట్టుగా, హైపోథికేషన్‌లో ఉంది. నెలనెలా పంపే స్టాక్ స్టేట్‌మెంట్‌లో సరుకు తగ్గింది, అమ్మిన డబ్బు మాత్రం సీసీ ఖాతాలో కనపడలేదు. బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది. ముగ్గురూ ఆ సీసీకి వ్యక్తిగత గ్యారంటీ ఇచ్చినవాళ్లే. పెద్దాయనకు టెన్షన్ మొదలైంది ఆ ఫోనుతోనే, నా దగ్గరికి తీసుకొచ్చిందీ అదే.

రెండో పొరపాటు వాళ్ల అకౌంటెంట్ తయారుచేసిన ముసాయిదా రియలైజేషన్ ఖాతాలో ఉంది. ఆస్తులు అమ్మి, బయటి అప్పులు తీర్చాక లాభమో నష్టమో తేల్చే ఖాతా అది. బావమరిది అప్పు 6 లక్షలను బయటి అప్పులతో కలిపి ఆ ఖాతాకు క్రెడిట్ చేశాడు. తిరిగి చెల్లించినప్పుడు మాత్రం దాన్ని బావమరిది పెట్టుబడి ఖాతాలో డెబిట్ చేయాలని రాసుకున్నాడు. ఒక కాలు ఇక్కడ, ఇంకో కాలు అక్కడ. దీనివల్ల రద్దు నష్టం 6 లక్షలు తక్కువగా కనపడుతుంది, ఆ 6 లక్షలూ బావమరిది పెట్టుబడిలోంచి పోతాయి. నష్టం తగ్గిన మేలు ముగ్గురికీ 5:3:2లో అందుతుంది కాబట్టి బావమరిదికి తిరిగొచ్చేది 1.8 లక్షలే. నికరంగా అతను 4.2 లక్షలు పోగొట్టుకుంటాడు, పెద్దాయనకు 3 లక్షలు, ఇంజనీరుకు 1.2 లక్షలు ఊరికే వస్తాయి. కుట్ర ఏమీ లేదు, అలవాటులేని పని అంతే. భాగస్తుడి అప్పు రియలైజేషన్ ఖాతాలోకి రాకూడదు. దాన్ని విడిగా ఉంచి, బయటివాళ్లవన్నీ తీర్చాక, పెట్టుబడుల జోలికి వెళ్లకముందు నేరుగా చెల్లించాలి.

మూడోది అన్నిటికన్నా చిక్కు. షెడ్డులో ఒక ప్లాస్మా కటింగ్ యంత్రం ఉంది. రద్దు తేదీ అయిన మర్నాడే ఇంజనీరు దాన్ని లారీ ఎక్కించి అనకాపల్లి వైపు తన కొత్త షెడ్డుకు తీసుకుపోయాడు. దొంగతనంగా కాదు, ఇద్దరికీ చెప్పే. పాత యంత్రాలు కొనే ఇద్దరి దగ్గర ధర అడిగి 5 లక్షలని ముగ్గురూ ఒప్పుకున్నారు కూడా. "నా పెట్టుబడి ఐదు, యంత్రం ఐదు. చెల్లుకు చెల్లు. ఇక నాకు ఎవరూ ఇవ్వక్కర్లేదు, నేనెవరికీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు ఇంజనీరు. వినడానికి ఎంత న్యాయంగా ఉందంటే, మిగతా ఇద్దరూ సరే అని తలూపేశారు.

ఆ మాటలో ఏం తప్పు

ఆ 5 లక్షలు రద్దు తేదీ నాటి పుస్తకాల పెట్టుబడి. పుస్తకాల్లో ఉన్న విలువకే ఆస్తులన్నీ అమ్ముడుపోతే తప్ప అది 5 లక్షలుగా మిగలదు. ఆటోనగర్‌లో మూతపడిన షెడ్డు సామాను పుస్తకం ధరకు ఎవరు కొంటారు? కొనేవాడికి మనం మూసేస్తున్నామని తెలుసు. అద్దె నెలనెలా ఎక్కుతోందని కూడా తెలుసు.

ఇంజనీరుకు బోర్డు మీద లెక్క వేసి చూపించాను. నష్టంలో ప్రతి రూపాయికీ అతని భాగం 20 పైసలు. యంత్రం తీసుకోకపోతే మొత్తం నష్టం 25 లక్షలు చేరేవరకు అతని 5 లక్షలు దాన్ని మోస్తాయి. యంత్రం తీసుకున్నాక పెట్టుబడి సున్నా. అప్పుడు నష్టంలో మొదటి రూపాయి నుంచే అతను ఫర్మ్‌కు బాకీ పడతాడు. నా అంచనాలో నష్టం 25 నుంచి 30 లక్షల మధ్య ఉండేలా ఉంది. అంటే అతను 5 నుంచి 6 లక్షలు తెచ్చి కట్టాలి.

అతను కాసేపు మాట్లాడలేదు. "అయితే యంత్రం నాకు ఊరికే రాలేదన్నమాట" అన్నాడు. ఊరికే రాలేదు, అరువుకు వచ్చింది.

ఇక్కడ నాకు రెండు దారులు కనిపించాయి. యంత్రం వెనక్కి తెప్పించి అమ్మడం మొదటిది. అలా చేసినా, అది 5 లక్షలకే అమ్ముడుపోయినా, నష్టం 25 దాటితే అతను ఎంతో కొంత కట్టాలి. పైగా మళ్లీ విప్పి, లారీ ఎక్కించి, దించితే యంత్రానికి ధర తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అతని చేతిలో ఉన్న ఒకే ఒక ఆర్డరు ఆ యంత్రం మీదే నడుస్తోంది. అది లాగేసుకుంటే కట్టాల్సినవాడికి కట్టే శక్తి పోతుంది. రెండో దారి, యంత్రం అతని దగ్గరే ఉంచి బాకీకి భరోసా తీసుకోవడం. ఇదే ఎంచుకున్నాను.

మొదట రెండు చెక్కులు ఇస్తానన్నాడు. కొత్త వ్యాపారం పెట్టుకుంటున్న మనిషి తర్వాతి తేదీలు వేసి ఇచ్చే చెక్కుల మీద మిగతా ఇద్దరి డబ్బు ఆధారపడకూడదనిపించి ఒప్పుకోలేదు. చివరికి 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు మీద సంతకం చేసి, దాన్ని రద్దు పత్రం రాసిన లాయరు గారి దగ్గర ఉంచాడు. మిగతా దానికి అతని తండ్రి హామీ రాసిచ్చారు. ఇదంతా రద్దు పత్రంలోకి ఎక్కించాం. యంత్రానికి ఫర్మ్ నుంచి జీఎస్టీ బిల్లు కూడా వేయించాను, భాగస్తుడు తీసుకున్నాడని పన్ను ఊరుకోదు. ఆదాయపు పన్ను వైపు కూడా రద్దు సందర్భంగా భాగస్తుడికి ఆస్తి ఇస్తే 2021లో వచ్చిన సెక్షన్ 9బీ కింద దాన్ని ఫర్మ్ మార్కెట్ ధరకు అమ్మినట్టే చూసేవాళ్లు. అందుకే ఆ ఇద్దరు వ్యాపారులు చెప్పిన ధరలను కాగితం మీద తీసుకుని ఫైల్లో పెట్టాను.

అతను కట్టకపోతే?

ఈ ప్రశ్న బావమరిది అడిగాడు. మంచి ప్రశ్న, మంచి సమయంలో అడిగాడు. ఒక భాగస్తుడు తన లోటు పూడ్చలేకపోతే మిగతావాళ్లు దాన్ని ఏ లెక్కన మోయాలి? 1904లో ఇంగ్లండులో వచ్చిన గార్నర్ వర్సెస్ ముర్రే తీర్పు ప్రకారం మిగిలినవాళ్లు తమ పెట్టుబడుల నిష్పత్తిలో మోస్తారు. మన బీకాం పిల్లలు నేటికీ ఇది చదువుతారు. మన 1932 భాగస్వామ్య చట్టంలోని 48వ సెక్షన్ మాత్రం భాగస్తుల మధ్య ఒప్పందానికి లోబడి అని మొదలవుతుంది. కాబట్టి ముందే రాసుకుంటే ఆ వాదనే రాదు. వీళ్ల పాత డీడ్‌లో దాని ఊసే లేదు.

పెట్టుబడుల లెక్కన, అంటే 24:27లో అయితే బావమరిది ఎక్కువ మోస్తాడు. వాటాల లెక్కన, 5:3లో అయితే పెద్దాయన ఎక్కువ మోస్తారు. ఇద్దరికీ ఏది లాభమో వెంటనే అర్థమైంది, ఇద్దరూ తమవైపు లాగారు. అదే సమయంలో ఇంకో మాట నలుగుతోంది. పెద్దాయన భార్య ఇచ్చిన 4 లక్షలు నిజానికి పెద్దాయన డబ్బే కదా, అది తన 6 లక్షల అప్పుతో సమానంగా వెనక ఉండాలని బావమరిది అంటున్నాడు. ఆవిడ అతని సొంత అక్క. బ్యాంకు పాస్‌బుక్కు తెప్పించి చూశాను. ఆవిడ పేరున ఉన్న స్థలం అమ్మిన డబ్బు ఆవిడ ఖాతాలోకి వచ్చి, అక్కడినుంచి ఫర్మ్‌కు వెళ్లింది. అది బయటి అప్పే. భార్య అయినంత మాత్రాన భాగస్తురాలు కాదు.

పాస్‌బుక్కు చూపించాక అతను ఆ వాదన వదిలేశాడు. ఆ సాయంత్రమే పెద్దాయన, "సరే, ఇంజనీరు కట్టకపోతే 5:3లోనే మోద్దాం" అన్నారు. ఒకటి వదిలినందుకు ఇంకోటి వదిలారని నేను అనుకుంటాను, వాళ్లు అలా ఒప్పుకోరు. అసలు లోటెంతో ఇంకా ఎవరికీ తెలియదు కాబట్టే ఇది తేలింది. అంకె బయటపడ్డాక అడిగుంటే వారాలు పట్టేది.

డబ్బు విడతలుగా వస్తుంటే ఎవరికి ముందు

పాఠ్యపుస్తకాల్లో రద్దు ఒక్క రోజులో అయిపోతుంది. ఆస్తులన్నీ ఒకేసారి అమ్ముడుపోయి, అప్పులు తీరి, మిగిలింది పంచుకుంటారు. నిజంగా అయితే వీళ్ల రిటెన్షన్ డబ్బు రావాలంటే పని అప్పగించి ఏడాది గడవాలి. ఏడాదిపాటు ముగ్గురినీ ఉత్త చేతులతో కూర్చోబెట్టలేం, వచ్చింది వచ్చినట్టు ఇవ్వాలి. కానీ తప్పు మనిషికి ఇస్తే తిరిగి వసూలు చేయడం ఎవరి తరం?

ముందు పంచుకున్న ఆ 5 లక్షలు ముగ్గురి చేతా వెనక్కి వేయించి సీసీలో జమ చేయించాం. ఇంజనీరు రెండు విడతల్లో వేశాడు. తర్వాత స్టాకు మొత్తం 17 లక్షలకు పోయింది, బాకీల్లో 13 లక్షలు వచ్చాయి. ఉన్న లక్షతో కలిపి 31 లక్షలు. ఇందులోంచి బ్యాంకుకు వడ్డీతో 22.5 లక్షలు, పనివాళ్ల గ్రాట్యుటీ 3.6 లక్షలు, ఖర్చులకు 90 వేలు, సరుకు ఇచ్చినవాళ్లకు 4 లక్షలు. గ్రాట్యుటీ పుస్తకాల్లో ఎక్కడా లేదు, ఎప్పుడూ ప్రొవిజన్ పెట్టలేదు. అయిదేళ్లు దాటిన ఏడుగురి సర్వీసు లెక్కవేస్తే బయటపడిన అప్పు అది. బ్యాంకును ముందు పూర్తిగా తీర్చడానికి కారణం తనఖా ఒక్కటే కాదు. బ్యాంకు నో డ్యూస్ ఇస్తే తప్ప యంత్రాలు కొనేవాడు అడ్వాన్సు ఇవ్వనన్నాడు.

రెండో విడతలో యంత్రాలు 19 లక్షలు, వాహనం 5 లక్షలు తెచ్చాయి. పుస్తకాల్లోంచి ఎప్పుడో రాసేసిన పాత ప్లేట్ బెండింగ్ రోలు ఒకటి షెడ్డు వెనక ఉంటే దానికి లక్షన్నర వచ్చింది. ఇలాంటివి పుస్తకాలు చూస్తే కనపడవు, షెడ్డంతా తిరగాలి. ఈ 25.5 లక్షల్లో సరుకువాళ్లకు మిగతా 13.5 లక్షలు (వాళ్లు 50 వేలు తగ్గించారు), పెద్దాయన భార్యకు 4 లక్షలు, తర్వాత బావమరిది అప్పు 6 లక్షలు. రాబోయే ఖర్చులకు 50 వేలు పక్కన పెట్టాక 1.5 లక్షలు మిగిలాయి. పెట్టుబడుల మీద పంచడానికి దొరికిన మొదటి డబ్బు ఇది.

ఇక్కడ నేను తడబడ్డాను. లెక్క తప్పలేదు, చెప్పిన తీరు తప్పింది. మొదట గరిష్ఠ నష్టం పద్ధతి వాడాను. ప్రతి విడతలోనూ, ఇంకా రావలసిన ఆస్తులకు ఒక్క రూపాయి కూడా రాదనుకుని, ఆ నష్టమంతా 5:3:2లో కోసి, ఎవరి దగ్గర మిగులుతుందో వాళ్లకు ఇవ్వడం. ఆ రోజు పెట్టుబడులు 24, 27, సున్నా. మొత్తం 51లో చేతిలో ఉన్నది 1.5 కాబట్టి నష్టం 49.5 అనుకోవాలి. ఆ కాగితంలో పెద్దాయన పేరు పక్కన మైనస్ 75 వేలు వచ్చింది. ఆ మైనస్ చూడగానే ఆయన కళ్లద్దాలు తీసేశారు. "ఏటండీ ఇది? సగం వాటా నాది. నాకు మైనస్సా? డబ్బంతా వీడికా?" అన్నారు. "బావా, నేనేం అడగలేదు" అని బావమరిది సర్దబోతే ఇంకా రేగింది.

ఆ పద్ధతిలో వచ్చే చిక్కే అది. ప్రతి విడతకూ కొత్త కాగితం, కొత్త మైనస్సులు. ప్రతిసారీ ఇప్పుడు ఏం మార్చారోనన్న అనుమానం. ఆ రోజు పంపకం ఆపేసి, వారం తర్వాత మిగులు పెట్టుబడి పద్ధతిలో ఒకే ఒక పేజీ తయారు చేశాను. ఎన్ని విడతలు వచ్చినా అదే పేజీ.

పెద్దాయనకు ఇలా చెప్పాను. "పది వాటాల్లో ఐదు మీవి. ఆ ఐదింటి వెనక మీ డబ్బు 24 లక్షలు, అంటే ఒక్కో వాటాకు 4.8. ఆయనవి మూడు వాటాలు, 27 లక్షలు, వాటాకు 9. ఇంజనీరుకు మొదట్లో ఉన్న 5 లక్షలను రెండు వాటాలకు చూస్తే వాటాకు రెండున్నర. నష్టం వచ్చినప్పుడు అది ప్రతి వాటా మీదా ఒకే ఎత్తున కోస్తుంది. వాటాకు 4.8 లక్షల నష్టం వచ్చిందనుకోండి, మీది మొత్తం తుడుచుకుపోతుంది. ఆయన దగ్గర అప్పటికీ వాటాకు 4.2 మిగులుతుంది. ఆ ఎత్తు తేడా ముందు ఆయనకే వెళ్లాలి."

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. వాటాకు 4.2, మూడు వాటాలకు 12.6. "అంటే మొదటి పన్నెండు లక్షల అరవై వేలు వీడికే. ఆ తర్వాత?" ఆ తర్వాత మీరిద్దరూ సమాన ఎత్తులో ఉంటారు, ఇద్దరివీ వాటాకు 4.8. ఇంజనీరు రెండున్నర ఎత్తుకు మీరిద్దరూ దిగేవరకు, వాటాకు 2.3 చొప్పున ఎనిమిది వాటాలకు 18.4 లక్షలు మీకు 5:3లో. దాని మీద ఇంకా ఏమైనా వస్తే అప్పుడు ముగ్గురికీ 5:3:2, అందులో ఇంజనీరు భాగానికి ముందు ఆ 5 లక్షల యంత్రాన్నే లెక్కేస్తాం.

ఈ పేజీతో ఇంకోటి కూడా తేలిపోయింది. 12.6, 18.4 కలిపితే 31 లక్షలు. ఇద్దరికీ 31 లక్షలు చేరితే తప్ప ఇంజనీరుకు మొదటి రూపాయి రాదు. అతను మాత్రం 5 లక్షల యంత్రం ముందే పట్టుకెళ్లాడు. ఆ రోజు ఇంజనీరు మొహం చూసి, ఆ ఎఫ్‌డీ ఎందుకు అడిగానో ఇప్పుడు అతనికి పూర్తిగా అర్థమైందనుకున్నాను.

పెద్దాయన ఆ పేజీ మీద సంతకం పెట్టారు. ఒప్పించింది నా వాదన కాదేమో. ఎవరి ఇష్టప్రకారమో కాకుండా, డబ్బు రాకముందే వరస రాసి ఉంది, దాన్ని ఎవరూ మార్చలేరు. మొదటి 1.5 లక్షలు బావమరిదికి వెళ్లాయి. నాలుగు నెలల తర్వాత బాకీల్లో 12 లక్షలు, అద్దె డిపాజిట్లో 2 లక్షలు వచ్చాయి. అందులో 11.1 లక్షలతో బావమరిది 12.6 పూర్తయింది. మిగిలిన 2.9 లక్షలు 5:3లో పంచాం, పెద్దాయనకు తొలిసారి 1,81,250 అందింది. ఆఖరికి రిటెన్షన్ 10 లక్షల్లో మరమ్మతులకని కోత పెట్టి 7 లక్షలు ఇచ్చారు, అదీ 5:3లోనే.

ముగింపు ఖాతా

అన్నీ అయ్యాక రియలైజేషన్ ఖాతా ఇలా తేలింది. అంకెలు లక్షల్లో.

| డెబిట్ | | క్రెడిట్ | |
|---|---|---|---|
| రావలసిన బాకీలు | 38.0 | బాకీల ప్రొవిజన్ | 2.0 |
| స్టాకు | 25.0 | సరుకువాళ్ల బాకీ | 18.0 |
| యంత్రాలు | 34.0 | బ్యాంకు సీసీ | 22.0 |
| వాహనం | 7.0 | పెద్దాయన భార్య అప్పు | 4.0 |
| డిపాజిట్ | 3.0 | ఆస్తులు అమ్మిన నగదు | 76.5 |
| చెల్లించిన బయటి అప్పులు | 44.0 | ఇంజనీరు తీసుకున్న యంత్రం | 5.0 |
| గ్రాట్యుటీ | 3.6 | నష్టం (5:3:2) | 28.5 |
| ఖర్చులు | 1.4 | | |
| మొత్తం | 156.0 | మొత్తం | 156.0 |

నష్టం 28.5 లక్షలు. పెద్దాయన భాగం 14.25, బావమరిదిది 8.55, ఇంజనీరుది 5.7. పెద్దాయన పెట్టుబడిలో 9.75 మిగిలింది, బావమరిది దాంట్లో 18.45. యంత్రం పోగా సున్నాలో ఉన్న ఇంజనీరు సరిగ్గా 5.7 లక్షలు కట్టాలి. అప్పటికి విడతల్లో పెద్దాయనకు 6,18,750, బావమరిదికి 16,31,250 చేరాయి. ఇంజనీరు తెచ్చే 5.7 లక్షలను 5:3లో పంచితే ఇద్దరి ఖాతాలూ రూపాయి తేడా లేకుండా మూసుకుంటాయి. ఏడాది కింద రాసిన పేజీ, చివరి ఖాతా ఒకదానితో ఒకటి సరిపోవడం చూసి పెద్దాయన నాకు కాఫీ చెప్పారు, నా ఆఫీసులోనే.

యంత్రం గనక ఆ రోజు చెల్లుకు చెల్లని వదిలేసి ఉంటే ఈ 5.7 లక్షలు ఎవరూ అడిగేవారు కాదు. పెద్దాయనకు 3.56 లక్షలు, బావమరిదికి 2.14 లక్షలు తక్కువ వచ్చేవి. ఎందుకు తగ్గిందో వాళ్లకు తెలిసేది కూడా కాదు, మార్కెట్ బాగోలేదని అనుకునేవాళ్లు.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. రద్దు కోసం ఎవరు వచ్చినా ముందు అడిగేది బ్యాలెన్స్ షీటు కాదు, "ఎవరైనా ఏదైనా ఇప్పటికే పట్టుకెళ్లారా?" అని. వాహనం, ల్యాప్‌టాప్, ఫోన్ నంబరు, పాత కస్టమర్ ఆర్డరు, ఏదో ఒకటి వెళ్లే ఉంటుంది. రెండోది, పెట్టుబడులను వాటాలతో భాగించిన ఆ మూడు అంకెలను మొదటి సమావేశంలోనే బోర్డు మీద రాసేస్తాను. 4.8, 9, 2.5 లాగా ఎగుడుదిగుడుగా ఉంటే విడతల పేజీ అప్పుడే తయారు చేస్తాను. మూడూ దాదాపు సమానంగా ఉంటే ఆ గొడవ అక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టు వాటాల్లో పంచినా పెద్ద తేడా రాదు.

మిగిలిన పనులు మామూలుగానే జరిగాయి. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు రద్దు నోటీసు, గెజిట్, ఒక తెలుగు దినపత్రికలో ప్రకటన. ఇవి ఇచ్చేవరకు ఒక భాగస్తుడు ఫర్మ్ పేరుతో బయట చేసిన పనికి మిగతావాళ్లు కూడా బాధ్యులే అని ముగ్గురికీ చెప్పి, ఆ వారంలోనే ఇప్పించాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దును మాత్రం ఆఖరి యంత్రం అమ్మి బిల్లు వేసేవరకు ఆపాను. వాళ్ల అకౌంటెంట్ మొదటి రోజే పెట్టేద్దామన్నాడు. అలా పెట్టి ఉంటే మిగిలి ఉన్న స్టాకు, యంత్రాల మీద అమ్మకుండానే పన్ను కట్టాల్సి వచ్చేది. రద్దు ఆర్డరు వచ్చాక మూడు నెలల్లోపు ఆఖరి రిటర్ను GSTR-10 వేశాం. బ్యాంకు కరెంటు ఖాతా మాత్రం రిటెన్షన్ చెక్కు కోసం చివరిదాకా తెరిచే ఉంచాం.

చివరి రోజు కూడా ఒక చిన్న పేచీ వచ్చింది. ఎఫ్‌డీ మీద ఏడాది వడ్డీ వచ్చింది కదా, అది ఫర్మ్‌కు రావాలన్నాడు బావమరిది. ఎఫ్‌డీ ఇంజనీరు పేరున ఉంది, ఫర్మ్‌కు అది హామీ మాత్రమే, వడ్డీ అతనిదే అన్నాను. పెద్దాయన నవ్వి, "ఒరే, వదిలెయ్యరా, మొదటి పన్నెండు లక్షలు నువ్వే తిన్నావు కదా" అన్నారు. ఇంజనీరు 3 లక్షల ఎఫ్‌డీ విడిపించి, మిగిలిన 2.7 లక్షలకు రెండు వారాల తేడాతో రెండు చెక్కులు ఇచ్చాడు. రెండోది పాసైన మర్నాడు ఖాతా మూసేశాం. స్టేట్‌మెంటులో చివరి వరస సున్నా.